ఒకే శ్రుతిలో కుదిరిన భజనలు, కుదరని భజనలు: ఒక బృందానికి ఆధార షడ్జం ఎంచిన తీరు

నేపథ్యం

వారానికి ఒకసారి గంటన్నరసేపు కలిసి భజన చేసుకునే ఒక చిన్న బృందానికి కొన్ని వారాల పాటు సాయం చేయమని నన్ను పిలిచారు. నేను హార్మోనియం సహకారం అందించేవాణ్ణి. కచేరీలకంటే భజన బృందాలతో ఎక్కువగా పనిచేశాను. ఈ బృందంలో పద్నాలుగు మంది ఉన్నారు: తొమ్మిది మంది స్త్రీలు, ఐదుగురు పురుషులు. వారిలో ఎవరూ సంగీతం నేర్చుకున్నవారు కాదు. ఆరుగురు వంతులవారీగా ముందు పాడతారు, మిగిలినవారు అందుకుంటారు. హార్మోనియం వాయించే వ్యక్తి స్వయంకృషితో నేర్చుకున్నవాడు. ఒకటి నుంచి తెల్ల మెట్ల మీదుగా వాయించడం మాత్రమే ఆయనకు వచ్చు, కాబట్టి ఏ భజన అయినా, ఎవరు పాడినా, శ్రుతి ఒకటే. వారిని గుర్తుపట్టగలిగే వివరాలను ఇక్కడ వదిలేశాను.

వారు చెప్పిన ఇబ్బంది ఒక్క మాటలో ఇది: భజన ముగిసేసరికి గొంతులు పోతున్నాయి. దానికి కారణం ఏమిటన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. హార్మోనియం మరీ పైన ఉందని స్త్రీలు అన్నారు. అభ్యాసం చాలడం లేదని హార్మోనియం వాయించే ఆయన అభిప్రాయం. పురుషులు ఏ ఫిర్యాదూ చేయలేదు. వారు ఎందుకు చేయలేదో మొదటి రోజే అర్థమైంది: కష్టమైన చోటు రాగానే వారు నోరు కదుపుతూ తాళం మాత్రమే వేస్తున్నారు.

మొదటి రోజు నేను ఏమీ మార్చలేదు. ఒక మూలన కూర్చుని, ఫోనులో ధ్వనిముద్రణ చేసుకుంటూ, పాడిన పదకొండు భజనల్లో ఏది ఎక్కడ తెగిందో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. నాలుగు భజనలు హాయిగా సాగాయి. ఐదు భజనల్లో పల్లవి బాగానే ఉండి, చరణం పైకి ఎక్కగానే గొంతులు కీచుగా మారాయి లేదా ఆగిపోయాయి. మిగిలిన రెండు మొదటి నుంచి చివరి వరకు ఎవరికీ పట్టు దొరకలేదు. గొంతులు అవే, శ్రుతి అదే, ఆ సాయంత్రమూ ఒకటే. అయినా నాలుగు కుదిరి ఏడు కుదరలేదంటే లోపం గొంతులో లేదు, శ్రుతిలోనూ పూర్తిగా లేదు. ఆ ఆధారం మొదటి రోజే నా చేతిలో ఉంది. దాన్ని చదవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

శ్రుతి అంకెల గురించి ఒక మాట

లెక్కలోకి వెళ్లేముందు, ఇక్కడ వాడిన అంకెలను చెప్పాలి. హార్మోనియం మీద సి అనే తెల్ల మెట్టు ఒకటి. దాని పక్క నల్ల మెట్టు ఒకటిన్నర. ఆ తర్వాత రెండు, రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. ఈ లెక్క తెల్ల మెట్లను బట్టి పెట్టినది కాబట్టి ఇందులో ఒక చిక్కు ఉంది. మూడుకు నాలుగుకు మధ్య నల్ల మెట్టు లేదు; ఏడుకు పై ఒకటికి మధ్య కూడా లేదు. కనుక రెండు నుంచి మూడుకు మారితే రెండు మెట్లు ఎక్కినట్టు, మూడు నుంచి నాలుగుకు మారితే ఒక్క మెట్టే ఎక్కినట్టు. ‘ఒక శ్రుతి తగ్గించండి’ అని ఎవరైనా అడిగినప్పుడు ఎంత తగ్గుతుందన్నది ఎక్కడి నుంచి తగ్గిస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో దూరాన్ని చెప్పేటప్పుడల్లా తెలుపు, నలుపు తేడా లేకుండా మెట్లనే లెక్కిస్తాను. ఒక స్థాయికి పన్నెండు మెట్లు.

స్థాయిలను కూడా పేరుపెట్టి చెప్పడం మేలు. ట్యూనర్ యాప్‌లో C4 అని కనిపించే స్వరాన్ని ‘నడిమి ఒకటి’ అంటాను. దానికి కింద ఉన్న ఐదు, ఆరు, ఏడు ‘కింది’ స్వరాలు.

మొదటి ప్రయత్నం: స్త్రీల శ్రుతి

రెండో వారం నేను చేసిన పని, ఇలాంటి సందర్భంలో చాలామంది సహకార వాద్యకారులు చేసేదే. బృందంలో స్త్రీలు ఎక్కువ, ఫిర్యాదు కూడా వారిదే. స్త్రీలు సాధారణంగా పాడే శ్రుతి ఐదు, ఐదున్నర ప్రాంతం. కాబట్టి ఆధార షడ్జాన్ని ఐదుకు మార్చి నేనే హార్మోనియం ముందు కూర్చున్నాను.

మొదటి రెండు భజనలకు స్త్రీల ముఖాలు విప్పారాయి. అంతకుముందు వారం చరణంలో తెగిపోయినవే ఇప్పుడు పూర్తిగా వినిపించాయి. కానీ అదే సమయంలో పురుషుల గొంతులు పల్లవిలోనే మాయమయ్యాయి. వారి షడ్జం స్త్రీల షడ్జానికి ఒక స్థాయి కింద, అంటే శిక్షణ లేని పురుషులకు మాట కూడా స్పష్టంగా పలకని లోతులో పడింది. ఇద్దరు పురుషులు అది తట్టుకోలేక స్త్రీల స్థాయికే ఎగబాకారు. అక్కడ చరణం వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బాయి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మొదటి వారం హాయిగా సాగిన నాలుగు భజనల్లో రెండింటిని ఐదు శ్రుతిలో ఎత్తుకునేసరికి అవి పూర్తిగా కూలిపోయాయి. ఆ భజనల్లో పాట షడ్జం కింద మంద్ర పంచమం దాకా దిగి, పైకి మధ్య పంచమం దగ్గరే ఆగుతుంది. షడ్జం కింది ఐదు మీద ఉంటే మంద్ర పంచమం ఇంకా ఐదు మెట్లు కిందికి పోతుంది. ఆ లోతు స్త్రీలకు అందదు. అందక వారు మొత్తం పాటను ఒక స్థాయి పైకి ఎత్తుకుంటే, పై పంచమం ఎవరి గొంతుకూ అందనంత ఎత్తుకు పోతుంది. కిందికీ దారి లేదు, పైకీ దారి లేదు.

బృందంలోని ఒక పెద్దావిడ ఆ రోజు అలాంటి భజననే ముందు పాడారు. ఆమె గొంతు సహజంగా మంద్రం. ‘ఆడవాళ్ల శ్రుతి ఇదేనండీ’ అని నేను అన్న మాటను నమ్మి, పై స్థాయిలో ఎలాగో ముగించారు. తర్వాత రెండు రోజులు ఆమె గొంతు బొంగురుపోయిందని తెలిసింది. ఆ తప్పు నాది. స్త్రీల శ్రుతి, పురుషుల శ్రుతి అన్న విభజన ఒక్కరే పాడే కచేరీకి ఆరంభంగా పనికొస్తుందేమో గాని, ఇద్దరూ కలిసి పాడే చోట అది ఒక వర్గానికి చేసే మేలును రెండో వర్గం నుంచి వసూలు చేస్తుంది.

రెండో ప్రయత్నం: పాడేవారి ఇష్టం

మూడు, నాలుగు వారాల్లో ఎదురు దారి పట్టాను. ముందు పాడేవారు తమకు వీలైన శ్రుతిలో ఎత్తుకుంటారు. నేను వెతుక్కుని వెనక వస్తాను. శరీరానికి ఏది సుఖమో శరీరానికే తెలుస్తుందన్నది నా తర్కం. అది సగమే నిజమైంది.

శిక్షణ లేని గాయకుడు ఎత్తుకునే క్షణంలో పల్లవి మొదటి మాట గురించే ఆలోచిస్తాడు. ఆ మాట ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ మొదలుపెడతాడు. ఆ భజన చరణంలో ఎంత ఎత్తుకు పోతుందన్న లెక్క ఆ క్షణంలో ఉండదు. పల్లవి కింది స్వరాల్లో నడిచే భజనను చాలామంది కొంచెం పైన ఎత్తుకున్నారు, ఎందుకంటే కింద మాట పలకదు. ఆ కొంచెం చరణంలో పెద్ద భారమైంది. ధ్వనిముద్రణలను పోల్చి చూస్తే ఇంకొక సంగతి బయటపడింది: ఒకే గాయని ఒకే భజనను మూడో వారం ఏడులో, నాలుగో వారం రెండులో ఎత్తుకున్నారు. మధ్యలో మారింది ఆమె గొంతు కాదు. అంతకుముందు ఎవరు ఏ శ్రుతిలో పాడి ముగించారన్నదే మారింది. ఆ ధ్వని ఇంకా చెవిలో ఉండగానే ఆమె మొదలుపెట్టారు.

పైగా నేను శ్రుతి వెతుక్కునే లోపు రెండు పంక్తులు గడిచిపోయేవి. మెట్లకు అందని సందులో ఎత్తుకుంటే, హార్మోనియం గొంతు వైపు జరగదు కాబట్టి, గొంతే హార్మోనియం వైపు జరగాలి. ఆ జరుగుబాటులో అందుకునేవారందరూ అపస్వరంలో ఉంటారు. నా తర్వాత ఈ పని చేయవలసిన వ్యక్తికి ఒకే శ్రుతి వచ్చు. ఈ దారి ఆయనకు ఎప్పటికీ పనికిరాదు.

మూడో ప్రయత్నం: పాటను కొలవడం, గొంతును కొలవడం

ఐదో వారానికి మొదటి రోజు కాగితాన్ని మళ్లీ తీశాను. ఒకటి శ్రుతిలో కుదిరిన నాలుగు భజనలకూ ఉన్న పోలిక అప్పుడు కనిపించింది: నాలుగూ మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా నడిచేవే. చరణంలో తెగిన ఐదూ షడ్జం నుంచి తార షడ్జం దాకా నడిచేవి. రెండు రకాలకూ వెడల్పు ఒకటే, పన్నెండు మెట్లు. వెడల్పులో షడ్జం ఎక్కడ కూర్చుందన్నదే తేడా: ఒకదానిలో అడుగున, ఇంకొకదానిలో నడుమన. అలాంటప్పుడు ‘ఈ బృందానికి ఏ శ్రుతి’ అన్న ప్రశ్నే తప్పు. ఈ బృందానికి ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా చోటు ఉందన్నది ముందు తెలుసుకుని, ప్రతి భజననూ ఆ చోటులో కూర్చోబెట్టి, షడ్జం ఎక్కడ పడితే దాన్ని శ్రుతిగా తీసుకోవాలి.

చోటును కొలవడానికి సరళీస్వరాలు పాడించలేదు. స్వరాలు పాడమంటే శిక్షణ లేనివారు బిగుసుకుపోతారు, గొంతు తగ్గించి పాడతారు, అప్పుడు నిజమైన హద్దు తెలియదు. దానికి బదులు ఇరవై నిమిషాలు మామూలుగా భజన సాగాక, అందరికీ కంఠస్థమైన ఒక చరణంలోని పై పంక్తిని మాత్రం తీసుకుని, చివరి ఆవృత్తంలో వారు పాడే బిగ్గరితనంతోనే మూడేసి సార్లు పాడించాను. ప్రతి మూడుసార్లకూ ఒక మెట్టు పెంచాను. బిగ్గరితనాన్ని ఎందుకు పట్టించుకున్నానంటే, నెమ్మదిగా అందే స్వరం గట్టిగా పాడినప్పుడు అందకపోవచ్చు. భజన చివర్లో వేగం పెరిగేకొద్దీ ధ్వని కూడా పెరుగుతుంది; హద్దును అక్కడే చూడాలి.

హద్దు వచ్చిందని వారిని అడిగి తెలుసుకోలేదు. మొహమాటం కొద్దీ ‘బాగానే ఉంది’ అంటారు. గడ్డం పైకి లేవడం, ‘ఈ’కారం నొక్కుకుపోవడం, పంక్తిలో ఆ ఒక్క మాట మాత్రం హఠాత్తుగా గట్టిపడటం, నిలపవలసిన స్వరం కొద్దిగా కిందికి జారడం — వీటిలో ఏ రెండు కనిపించినా దానికి ఒక మెట్టు కింది స్వరాన్ని పై హద్దుగా రాసుకున్నాను. కింది హద్దుకు గుర్తులు వేరు: మాట గాలిగా మారడం, పంక్తి చివరి అక్షరాలు మింగబడటం.

వచ్చిన ఫలితం ఇది. స్త్రీలలో ఎక్కువమందికి కింది ఐదు నుంచి నడిమి ఆరు దాకా నిలకడ ఉంది. నడిమి ఏడును తాకి వెంటనే దిగగలరు. పురుషులలో ఎక్కువమందికి, ఒక స్థాయి పైకి మార్చి స్త్రీల స్వరాలతో పోల్చి చెప్పాలంటే, కింది ఆరు నుంచి పై ఒకటి దాకా. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే కింది హద్దును పురుషులు నిర్ణయిస్తారు, పై హద్దును స్త్రీలు నిర్ణయిస్తారు. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలేది ఆరు నుంచి ఆరు దాకా, సరిగ్గా ఒక స్థాయి. బృందానికి ఉన్న ఇల్లు అంతే.

ఇక లెక్క సులువు. షడ్జం నుంచి తార షడ్జం దాకా నడిచే భజనకు షడ్జాన్ని ఆరు మీద పెడితే అది ఆ చోటులో అచ్చంగా సరిపోతుంది. మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా నడిచే భజనకు పంచమాన్ని ఆరు మీద పెట్టాలి. పంచమం ఆరు అయితే షడ్జం రెండు. ధైవతాన్ని తాకే చోట అది ఏడు అవుతుంది, తాకి దిగగలిగిన స్వరమే. మొదట ఒకటి శ్రుతిలో మొదటి రకం ఎందుకు తెగిందో కూడా దీనితో తేలిపోయింది: తార షడ్జం పై ఒకటి మీద పడింది, స్త్రీల నిలకడ హద్దుకు మూడు మెట్లు పైన. అదే ఒకటి శ్రుతిలో రెండో రకం పై కొస ఐదు మీదే ఆగింది, కాబట్టి ఎవరికీ కష్టం కాలేదు. పురుషులకు మంద్ర పంచమం దగ్గర మాట కొద్దిగా మునిగి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆరుకు, రెండుకు మధ్య ఉన్న దూరం షడ్జానికి, శుద్ధ మధ్యమానికి మధ్య ఉన్న దూరమే. కాగితం మీద ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపించాక నాకు నవ్వు వచ్చింది. మన పద్ధతిలో మధ్యమ శ్రుతి అని పిలిచేది ఇదే కదా. తార స్థాయికి పోకుండా మంద్రంలోకి దిగి తిరిగే చెంచురుటి, పున్నాగవరాళి, నవరోజు వంటి రాగాలను మధ్యమాన్నే షడ్జంగా చేసుకుని పాడటం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. నేను ఐదు వారాలు తిరిగి చేరుకున్న చోటు పాడేవారికి ఎప్పుడో తెలిసిన చోటే.

అమలులో ఎదురైనవి

లెక్క సరిపోయినా ఆరో వారం మొదటి భజనే తప్పుగా మొదలైంది. హార్మోనియం మీద ఆరును, దాని పంచమమైన మూడును కలిపి నొక్కి పట్టుకున్నాను. ముందు పాడే ఆమె ఆ రెండింటిలో గట్టిగా వినిపించిన మూడునే షడ్జమనుకుని ఎత్తుకున్నారు. పొరపాటు ఆమెది కాదు. షడ్జ పంచమాల నాదం విని అందులోంచి షడ్జాన్ని ఏరి, దాన్నుంచి తన పాట మొదటి స్వరాన్ని పట్టుకోవడం నేర్చుకున్నవారు చేసే పని. చాలా భజనలు షడ్జం మీద మొదలే కావు. గాంధారం మీదనో పంచమం మీదనో ఎత్తుకునేవి ఎన్నో ఉన్నాయి. అప్పటి నుంచి నాదం మాత్రమే ఇవ్వకుండా, పల్లవి మొదటి పంక్తిని హార్మోనియం మీద ఒకసారి పూర్తిగా వాయించి, చివర మొదటి అక్షరం పడే స్వరం మీద ఆగి, అక్కడ ఆమె వైపు చూసేవాణ్ణి. తప్పు ఎత్తుగడలు ఆ ఒక్క మార్పుతో దాదాపు ఆగిపోయాయి. ఈ మొత్తం కేసులో ఒకే ఒక్క పని చేయడానికి సమయం ఉందంటే నేను ఇదే చేస్తాను.

రెండో చిక్కు రీడ్ల వల్ల వచ్చింది. ఆ హార్మోనియంలో రెండు వరుసల రీడ్లు ఉన్నాయి. ఒకటి మామూలు స్వరానికి, ఇంకొకటి ఒక స్థాయి కింద పలికే బాస్ వరుస. బాస్ వరుసే ఎక్కువ గట్టిగా పలికేది. స్త్రీలు ఆ కింది ధ్వనిని అనుసరించి ఒక స్థాయి దిగిపోయి, అక్కడ మాట పలకక తడబడేవారు. స్త్రీలు ముందు పాడేటప్పుడు బాస్ స్టాపును లోపలికి తోసి మూసేయడం, పురుషులు ముందు పాడేటప్పుడు రెండూ తెరిచి ఉంచడం అన్న నియమం పెట్టుకున్నాం. పురుషుడు ముందు పాడిన భజనను స్త్రీలు అందుకునేటప్పుడు ఆయన స్థాయిలోకి దిగకుండా తమ స్థాయిలో ఎత్తుకోవడానికి పై వరుస ధ్వని దారి చూపింది.

శ్రుతి పెట్టె ఉంది, దాన్నీ వాడుకున్నాం. ఆరు శ్రుతిలో పంచమానికి పెట్టి ఉంచిన పెట్టెను అలాగే వదిలి రెండు శ్రుతి భజన పాడితే, పెట్టెలోని మూడు స్వరం పాట షడ్జమైన రెండుతో రాసుకుంటుంది. అదే పెట్టెలో ఆరును కదపకుండా పంచమాన్ని మధ్యమానికి మార్చితే పలికేవి ఆరు, రెండు. అంటే కొత్త షడ్జం, దాని మంద్ర పంచమం. ఒక్క మార్పుతో రెండు రకాల భజనలకూ పెట్టె సిద్ధమవుతుంది.

ఇక మిగిలింది హార్మోనియం వాయించే ఆయన వేళ్లు. మెట్ల వరుస మొత్తాన్ని జరిపే స్కేల్ చేంజర్ వాద్యం తెచ్చుకుందామని ఆయన అన్నారు. నేను వద్దన్నాను. దానితో ఆయన తెల్ల మెట్లే వాయిస్తూ ఏ శ్రుతికైనా మారవచ్చు గాని, అప్పుడు తాను వాయిస్తున్న స్వరం బయటికి ఏ స్వరంగా వినిపిస్తోందో ఆయనకు ఎప్పటికీ తెలియదు. గొంతు హద్దును మెట్టుతో పోల్చి చూసే అలవాటే రాదు. పైగా నేర్చుకోవలసినవి రెండే శ్రుతులు, ఆ రెండూ దగ్గరి చుట్టాలు. శంకరాభరణం స్వరాలకు రెండు శ్రుతిలో వేళ్లు పడేది రెండు, మూడు, నాలుగున్నర, ఐదు, ఆరు, ఏడు, ఒకటిన్నర మీద. ఆరు శ్రుతిలో పడేది ఆరు, ఏడు, ఒకటిన్నర, రెండు, మూడు, నాలుగున్నర, ఐదున్నర మీద. రెండింటినీ పక్కపక్కన పెడితే మారేది ఒక్క మెట్టే: ఐదు స్థానంలో ఐదున్నర. చెంచురుటి వరసలకు రెండు శ్రుతిలో నల్ల మెట్టు ఒక్కటే, నాలుగున్నర. ఈ సంగతి చెప్పాక ఆయన భయం తగ్గింది. మూడు వారాల్లో నా సాయం లేకుండా వాయించారు, కొంచెం నెమ్మదిగా, ఐదున్నర దగ్గర అప్పుడప్పుడు ఐదు నొక్కుతూ.

కుదరని భజనలు, కుదరని గొంతు

బృందం పాడే ఇరవై నాలుగు భజనలను రాసి చూస్తే పది ఆరు శ్రుతికి, పదకొండు రెండు శ్రుతికి చెందాయి. మూడు మిగిలాయి. అవి మంద్ర పంచమంలో మొదలై చరణంలో తార గాంధారం దాకా పోతాయి, ఇరవై ఒక్క మెట్ల వెడల్పు. పన్నెండు మెట్ల ఇంట్లో అవి ఏ శ్రుతిలోనూ పట్టవు; శ్రుతి మారుస్తూ పోవడం వృథా. అక్కడ నేను పంపిణీని మార్చాను. పై పంక్తులను అంత ఎత్తు అందే ఒక గాయని ఒక్కరే పాడుతారు. బృందం ఆ పంక్తులను తిరిగి పాడకుండా ప్రతిసారీ పల్లవితో జవాబిస్తుంది. రెండు భజనలకు ఇది బాగా ఒప్పింది. మూడోదానిలో చరణాన్ని అందరూ అందుకోవడమే దాని ఇంపు. దాన్ని ఆ బృందం పక్కన పెట్టింది. ఇష్టంగా పెట్టలేదు.

గొంతు బొంగురుపోయిన పెద్దావిడ సంగతి వేరే చూడవలసి వచ్చింది. ఆమె నిలకడ పై హద్దు నడిమి ఐదు. కిందికి మాత్రం మిగతా స్త్రీలకంటే మూడు మెట్లు ఎక్కువ దిగగలరు. వయసుతో స్త్రీల గొంతు కొంత కిందికి దిగడం మామూలే. ఆరు శ్రుతి భజనలో తార షడ్జం ఆమెకు రెండు మెట్లు పైన ఉంది, కాబట్టి ఆ రకం భజనలను ఆమె ముందు పాడకూడదని నిర్ణయించాం. అందుకునేటప్పుడు పై పంక్తిని వదిలేయడానికి ఆమెకు పూర్తి స్వేచ్ఛ. రెండో రకాన్ని ఆమె పాడేటప్పుడు రెండు శ్రుతిని ఒకటికి దించాం. పంచమం నుంచి పంచమం దాకా ఐదు నుంచి ఐదు అవుతుంది. ఆమెకు అచ్చంగా సరిపోతుంది, మిగతా స్త్రీలకూ అందుతుంది, పురుషులకు మంద్ర పంచమం మాత్రం కొంచెం లోతు. ఇక్కడ పురుషుల కింది కొసను బలిపెట్టి ఆమె పై కొసను కాపాడాను. లోతు అందని స్వరం వినబడకుండా పోతుంది, అంతే. ఎత్తు అందని స్వరాన్ని బలవంతంగా పాడితే గొంతు దెబ్బతింటుంది. రెండు హద్దుల మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడల్లా ఇదే నా లెక్క.

గమనిస్తే, అది బృందం మొదటి నుంచి పాడుతున్న శ్రుతే, ఆమె అప్పుడు హాయిగా పాడిన భజనలే. మధ్యలో నేను వచ్చి చెడగొట్టాను.

దీనికి ఎదురు సందర్భం కూడా ఒకటి వచ్చింది. ముందు పాడే ఇద్దరు పురుషుల్లో ఒకరిది సన్నటి, పైకి సులభంగా పోయే గొంతు. ఆరు శ్రుతి తనకు చప్పగా ఉందని, ఆరున్నరైనా చేయమని అడిగారు. ఒక మెట్టు పెంచితే స్త్రీలు తార షడ్జాన్ని ఆరున్నర మీద పట్టాలి. ఆయన పాడే భజనల్లో తార షడ్జాన్ని తాకి దిగే రెండింటికి ఒప్పుకున్నాను; దాని మీద నిలిచి నామాన్ని సాగదీసే మూడోదానికి ఒప్పుకోలేదు. పాట ఎంత ఎత్తుకు పోతుందన్న దానితో పాటు, ఆ ఎత్తులో ఎంతసేపు ఉంటుందన్నది కూడా చూడాలని ఈ ఒక్క తగవు వల్లనే నా పట్టికలో అదనపు గడి చేరింది.

ఆ పట్టిక ఇప్పుడు హార్మోనియం మూత లోపలి వైపు అతికించి ఉంది. ప్రతి భజనకు ఎదురుగా నాలుగే గడులు: శ్రుతి, పాట మొదలయ్యే మెట్టు, అన్నిటికంటే పై స్వరం, అది తాకేదా నిలిచేదా. ముందు పాడేవారి పేర్లు రాయలేదు. పేరు రాస్తే ఆ భజన ఆ ఒక్కరికే చెందుతుందన్న భావం వస్తుంది; పెద్దావిడ పాడే ఒకటి శ్రుతి భజనలకు మాత్రం చిన్న చుక్క పెట్టుకున్నాం.

పద్నాలుగో వారం నేను చివరిసారి వెళ్లినప్పుడు మొదటి రోజులాగే మూలన కూర్చుని ధ్వనిముద్రణ చేశాను. మొదటి వారం చరణంలో తెగిన ఐదు భజనల్లో నాలుగు ఆ రోజు పాడారు. పై పంక్తిని అందుకునేటప్పుడు పురుషుల గొంతులు స్పష్టంగా వేరుగా వినిపించాయి, స్త్రీల గొంతుల్లో కీచు లేదు. ఒక భజనను మాత్రం హార్మోనియం వాయించే ఆయన పట్టిక చూడకుండా పాత అలవాటు కొద్దీ ఒకటిలో మొదలుపెట్టారు. రెండో చరణం దగ్గర పురుషులు ఆగిపోయారు, స్త్రీలలో ఒకరు పాడటం ఆపి మూత వైపు చేయి చూపించారు. ఆయన తిత్తి ఆపి, ఆరు వెతికి నొక్కి, పల్లవి మొదటి పంక్తి వాయించి, చివరి స్వరం మీద ఆగి ఆమె వైపు చూశారు.